హాజరు యాప్‌కు వేలిముద్ర స్కానరా, కార్డ్ రీడరా? ఓటీజీ పరికరం కొనేముందు చూసుకోవాల్సినవి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి "ఫోన్‌కి పెట్టుకునే థంబ్ మెషిన్ కావాలి" అని అడగండి. చాలా షాపుల్లో మీ చేతిలో పెట్టేది ఆధార్ పనికి వాడే ఎల్1 స్కానర్. మీసేవ కేంద్రాలకు, రేషన్ డీలర్లకు, బ్యాంకు మిత్రలకు రోజూ అమ్ముడుపోయే సరుకు అదే కాబట్టి షాపువాడి తప్పేమీ లేదు. అయితే మీ దగ్గరున్న హాజరు యాప్‌కు అది పనికొస్తుందా లేదా అన్నది అతనికి తెలియదు. బాక్సు మీద చూస్తే మీకూ తెలియదు. రెండు మూడు వేలు పెట్టి కొని ఇంటికొచ్చాక, లైటు వెలుగుతున్నా యాప్ మాత్రం "డివైస్ నాట్ ఫౌండ్" అంటూ కూర్చోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

అందుకే వేలిముద్రా, కార్డా అని ఆలోచించేముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. వచ్చిన మనిషి ఫలానా అని తేల్చేది ఎవరు? ఆధార్ సర్వరా, మీ ఫోన్‌లో మీరే నమోదు చేసుకున్న జాబితానా?

ఆధార్ సర్వర్ తేల్చే పద్ధతిలో స్కానర్‌తో పాటు ఫోన్‌లో ఆర్‌డీ సర్వీస్ అనే యాప్ ఒకటి ఉండాలి. అది స్కానర్ తయారు చేసిన కంపెనీ ఇచ్చేది. మంత్రాకు ఒకటి, మార్ఫోకు ఒకటి, స్టార్‌టెక్‌కు ఇంకొకటి ఉంటాయి. మీ హాజరు యాప్ ఆ సర్వీస్‌ను అడుగుతుంది, సర్వీస్ స్కానర్‌ను అడుగుతుంది. వేలు పెట్టగానే వచ్చిన ముద్ర తాళం వేసిన ప్యాకెట్‌గా మారి బయటికొస్తుంది. ఆ తాళం ఆధార్ సంస్థ దగ్గర తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. పైగా అదే వేలు మళ్లీ పెడితే వచ్చే ప్యాకెట్ మొదటిదానిలా ఉండదు. కాబట్టి ఆ ప్యాకెట్‌ను మీ ఫోన్‌లో దాచుకుని, రేపు వచ్చినదానితో పోల్చి చూద్దామంటే కుదరదు. ఒక ట్యూషన్ సెంటరో, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరో సొంత యాప్ కోసం స్కానర్ కొంటున్నప్పుడు ముందుగా తెలియాల్సింది ఈ సంగతే.

రెండో పద్ధతిలో యాప్ నేరుగా స్కానర్‌తో మాట్లాడుతుంది. స్కానర్‌తో మాట్లాడటానికి కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ భాగాన్ని ఎస్‌డీకే అంటారు, దాన్ని యాప్ తయారుచేసినవాళ్లు అందులో కలిపి ఉంటారు. ముద్రలోని గీతలు ఎక్కడ ఆగాయి, ఎక్కడ చీలాయి అన్న బిందువుల పట్టికను టెంప్లేట్ అంటారు. ఫోన్‌లో ఉండేది ఆ టెంప్లేటే, పోలిక జరిగేదీ ఫోన్‌లోనే. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. మంత్రా ఎంఎఫ్ఎస్100 లాంటి పాత మోడళ్లకు ఇలాంటి ఎస్‌డీకే ఉంది, చాలా యాప్‌లు వాటి చుట్టూనే తయారయ్యాయి. ఎల్1 స్కానర్‌లో మాత్రం ముద్రకు తాళం వేసే పని పరికరం లోపలే జరిగిపోతుంది. తయారీదారు విడిగా ఎస్‌డీకే ఇస్తే, దాన్ని మీ యాప్‌వాళ్లు వాడి ఉంటేనే అది సొంత జాబితాకు ఉపయోగపడుతుంది.

ఎల్0, ఎల్1 అన్న మాటలు విని చాలామంది టెన్షన్ పడతారు. ఎల్0లో ముద్రకు తాళం వేసేది ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్. ఎల్1లో ఆ పని స్కానర్ లోపలి చిప్‌లోనే అయిపోతుంది, మధ్యలో ఎవరూ ముద్రను కాజేయలేరు. ఆధార్ సంస్థ అందరినీ ఎల్1 వైపు మళ్లించింది, అందుకే ఎల్0 సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది. మీది ఆధార్ హాజరైతే ఆ చవక బేరం జోలికి వెళ్లకండి. సొంత జాబితాకైతే అదే పాత స్కానర్ ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. ఒకే వస్తువు ఒకరికి దండగ, ఇంకొకరికి లాభం.

ఇంతకీ ఆధార్ హాజరు ఎవరికి? ప్రభుత్వ కార్యాలయాలకు, 2014లో మొదలైన ఆధార్ ఆధారిత బయోమెట్రిక్ హాజరు వ్యవస్థలో ఉన్న సంస్థలకు. అక్కడ ఏ మోడల్ వాడాలో పైనుంచే జాబితా వస్తుంది, ఎంచుకునే అవకాశం మీకు పెద్దగా ఉండదు. ప్రైవేటు యజమానులు తమంతట తాము సిబ్బంది ఆధార్‌ను అథెంటికేషన్‌కు వాడుకునే వీలు లేదు. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆధార్ తీర్పు ఆ దారి మూసింది, ఆ తర్వాత వచ్చిన మార్పుల ప్రకారం అనుమతి తీసుకున్న సంస్థలకే వీలవుతుంది. నలభై యాభై మందితో పని చేయించుకునే కాంట్రాక్టరుకు అంత తతంగం అక్కర్లేదు. ఇక్కడి నుంచి నేను రాసేది సొంత జాబితా గురించే, ఎక్కువమంది చిక్కుకునేది అక్కడే కాబట్టి.

కార్డ్ రీడర్ అంటే మూడు వేర్వేరు వస్తువులు

షాపులో "స్మార్ట్ కార్డ్ రీడర్" అని అడిగితే మూడింటిలో ఏదైనా రావచ్చు. మొదటిది కార్డును గాడిలోకి దూర్చేది. ఏటీఎం కార్డు మీద కనిపించే బంగారు రంగు చిప్‌ను తాకి చదివే రకం, ఏసీఆర్39యూ లాంటివి. ఇవి చిప్ కార్డుతో లాగిన్ చేయడానికి, డిజిటల్ సంతకం లాంటి పనులకు పుట్టినవి. హాజరుకు నేనైతే సిఫారసు చేయను. పొద్దున ఆరింటికి వరుసలో నిలబడ్డ మనిషి కార్డును సరైన వైపు తిప్పి, లోపలికి నెట్టి, లైటు ఆగేదాకా ఉండి, తీసుకుని వెళ్లాలి. తడి చేతులతో, దుమ్ము పట్టిన కార్డుతో నెలల తరబడి ఇలా చేస్తే కాంటాక్టులు మురికి పట్టి కార్డు చదవడం మానేస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, కంప్యూటర్‌లో ఉండే పీసీ/ఎస్‌సీ అనే వ్యవస్థ ఆండ్రాయిడ్‌లో లేదు. విండోస్‌లో రీడర్ పెట్టగానే అన్ని ప్రోగ్రాములకూ కనిపించినట్టు ఫోన్‌లో కనిపించదు. ఆ రీడర్ భాష మీ హాజరు యాప్‌కే వచ్చి ఉండాలి. రీడర్ కంపెనీ ఇచ్చే ఆండ్రాయిడ్ లైబ్రరీని యాప్‌వాళ్లు కలిపారా అన్నది వాళ్లనే అడగాలి.

రెండోది కార్డును పైన ఆనిస్తే చదివేది, ఏసీఆర్122యూ లాంటిది. 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే మైఫేర్ కార్డులను చదువుతుంది. ఇదీ పైన చెప్పిన పీసీ/ఎస్‌సీ భాషే మాట్లాడుతుంది కనుక యాప్ సహకారం ఇక్కడా తప్పనిసరి. యాప్ రాసేవాళ్లకు తెలిసిన విషయమే, కార్డు నంబరు కావాలంటే రీడర్‌కు పంపే ఆదేశం ఇది:

```
FF CA 00 00 00
```

జవాబుగా కార్డు యూఐడీ వస్తుంది, దాని వెనక `90 00` వస్తే సవ్యంగా చదివినట్టు. ఈ రకానికి కరెంటు ఖర్చు కాస్త ఎక్కువ. లోపలి యాంటెన్నా ఎప్పుడూ అలలు పంపుతూనే ఉంటుంది కాబట్టి ఫోన్ బ్యాటరీ తగ్గడం కంటికే కనిపిస్తుంది. మీ ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ ఉంటే అదే కార్డును ఫోన్ వెనకవైపు ఆనించినా చదువుతుంది. అప్పుడు ఈ రీడర్‌కు డబ్బు పెట్టడం ఎందుకు? వరుసగా వంద మంది వచ్చేచోట ఫోన్‌ను స్టాండులో నిలబెట్టి రీడర్‌ను బల్ల మీద ఉంచాలంటే తప్ప అక్కర్లేదు.

మూడోది అన్నిటికంటే చవక, అన్నిటికంటే మొండిది. ఫోన్ దాన్ని కీబోర్డు అనుకుంటుంది. కార్డు ఆనించగానే రీడర్ పది అంకెలు టైప్ చేసి ఎంటర్ కొడుతుంది, అంతే. కర్సర్ ఎక్కడుంటే అక్కడ నంబరు పడుతుంది. దీనికి ఎస్‌డీకే అక్కర్లేదు, అనుమతి అడగదు, ఎలాంటి యాప్ అయినా సరే, చివరికి గూగుల్ షీట్ అయినా సరే. వెయ్యి రూపాయల లోపే వస్తుంది, కార్డులు కూడా పది ఇరవై రూపాయల చొప్పున దొరుకుతాయి. ఇవి ఎక్కువగా 125 కిలోహెర్ట్జ్ కార్డులు. ఫోన్‌లోని ఎన్ఎఫ్‌సీ వీటిని చదవదు, రెండూ వేర్వేరు జాతులు.

ఈ కీబోర్డు రీడర్‌తో రెండు చిన్న తలనొప్పులున్నాయి. కార్డు మీద `0012345678 188,24910` లాంటి అంకెలు అచ్చయి ఉంటాయి. చూడటానికి రెండు నంబర్లు, నిజానికి ఒకటే. 188ని 65536తో గుణించి 24910 కలిపితే 12345678 వస్తుంది. కొన్ని రీడర్లు మొదటి రూపం టైప్ చేస్తాయి, కొన్ని `18824910` అని రెండో రూపం టైప్ చేస్తాయి. ఆరు నెలల తర్వాత పాత రీడర్ పాడై ఇంకో కంపెనీది కొంటే, ఒక్క కార్డు కూడా జాబితాలో దొరకకపోవడానికి కారణం ఇదే. కార్డులన్నీ పాడయ్యాయని పారేయకండి. రెండో తలనొప్పి ఎక్సెల్‌ది. ముందున్న సున్నాలను అది మింగేస్తుంది, `0012345678` కాస్తా `12345678` అవుతుంది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. ఇంకా ఒకటి, రీడర్ పెట్టగానే ఫోన్‌లో తెర మీది కీబోర్డు మాయమవుతుంది, ఎందుకంటే అసలు కీబోర్డు తగిలిందని ఫోన్ నమ్ముతుంది. సెట్టింగ్స్‌లో ఫిజికల్ కీబోర్డ్ దగ్గర `Show on-screen keyboard` ఆన్ చేస్తే తిరిగి వస్తుంది.

కార్డుకున్న అసలు బలహీనత వేరే. కార్డు వచ్చిందంటే మనిషి వచ్చినట్టు కాదు. ఒకరి జేబులో నలుగురి కార్డులు ఉండొచ్చు. 125 కిలోహెర్ట్జ్ కార్డునైతే చిన్న చేతి పరికరంతో క్షణాల్లో నకలు తీయొచ్చు కూడా. సూపర్‌వైజర్ ఎదురుగా నిలబడి ముఖాలు చూస్తూ ఆనిపించుకునే చోట దీనివల్ల నష్టం లేదు. గేటు దగ్గర ఫోన్ వదిలేసి వెళ్లే చోట కార్డు పెట్టడం కన్నా రిజిస్టర్లో సంతకమే నయం.

వేలిముద్ర ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ మొరాయిస్తుంది

ఒకరి బదులు ఇంకొకరు హాజరు వేయడం మీ అసలు సమస్య అయితే వేలిముద్రకు సాటి లేదు. అలాగని అది తిరుగులేనిదీ కాదు. మన నగరంలోనే పారిశుధ్య సిబ్బంది హాజరులో కృత్రిమ వేలిముద్రలు వాడి పట్టుబడ్డ ఉదంతాలు వార్తల్లోకి వచ్చాయి. అయితే అది పూనుకుని చేసే మోసం, స్నేహితుడి కార్డు ఆనించినంత తేలిక కాదు.

దీనికి అసలు శత్రువులు చేతులే. సిమెంటు పనివాళ్లకు, బ్లీచింగ్, యాసిడ్‌తో బాత్‌రూములు కడిగేవాళ్లకు, వయసు మీద పడ్డవాళ్లకు వేలి గీతలు అరిగిపోతాయి. ఎండాకాలం చర్మం పొడిబారితే స్కానర్ మీద ముద్ర చుక్కలు చుక్కలుగా పడుతుంది. వానాకాలం, లేదా చేతులు కడుక్కుని తుడుచుకోకుండా వస్తే నల్లటి మచ్చలా పడుతుంది. తెర మీద ముద్ర బొమ్మ చూపించే యాప్ అయితే ఈ రెండిటి తేడా మీకే కనిపిస్తుంది. పొడి వేలైతే నుదుటికి ఒకసారి రాసి పెట్టమనండి, ఆ కొద్ది జిడ్డు చాలు. తడి వేలైతే తుడిచి పెట్టాలి. ఇంకో సంగతి, ఆప్టికల్ స్కానర్ మీద నేరుగా ఎండ పడితే అది గుడ్డిదైపోతుంది. గేటు దగ్గర తూర్పు ముఖంగా బల్ల వేసి పొద్దున ఏడింటికి "పడ్తలేదు సార్" అంటే, బల్లను నీడలోకి జరపడమే మందు.

మనవాళ్లకు వేలిముద్ర అంటే బొటనవేలే. అలవాటు కొద్దీ బొటనవేలు ముందుకొస్తుంది. కానీ చిన్న గాజు మీద బొటనవేలు పక్కకు ఒరిగి సగమే ఆనుతుంది. నమోదు చేసేటప్పుడు చూపుడువేలు, మధ్యవేలు తీసుకోండి, రెండు చేతులవీ. పనిలోకి వెళ్లక ముందు, చేతులు కడిగి తుడిచాక నమోదు చేస్తే మంచి ముద్ర పడుతుంది. సాయంత్రం పని దిగాక నమోదు చేసిన ముద్రలతో తర్వాత రోజూ గొడవే. నమోదులో వచ్చిన క్వాలిటీ స్కోరు తక్కువైతే అప్పుడే ఇంకో వేలు ప్రయత్నించాలి తప్ప, "సరే పోనీ" అని వదిలేస్తే ఆ మనిషి ప్రతి ఉదయం వరుసను ఆపుతాడు.

అసలు గండం వైరు దగ్గర

ఏ పరికరం కొన్నా అది ఫోన్‌కు తగిలే చోటే ఎక్కువ గొడవలు వస్తాయి. మామూలుగా ఫోన్ కంప్యూటర్‌కు తగిలినప్పుడు ఫోన్ కింద ఉంటుంది, కంప్యూటర్ పెద్దరికం చేస్తుంది. ఓటీజీలో ఫోన్ పెద్దరికం తీసుకుని పరికరానికి కరెంటు ఇవ్వాలి. పాత మైక్రో యూఎస్‌బీ ఫోన్లలో ఈ సంగతి ఫోన్‌కు చెప్పేది ఓటీజీ వైరు లోపల నేలకు కలిపిన ఐడీ పిన్. మామూలు ఛార్జింగ్ వైరులో ఆ కలపడం ఉండదు, అందుకే దానితో పనిచేయదు. టైప్-సీలో ఆ పని 5.1 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టరు చేస్తుంది. రోడ్డు పక్క ముప్పై రూపాయల అడాప్టర్‌లో అది సరిగ్గా లేకపోతే ఫోన్‌కు అసలు ఏదో తగిలిందన్న కబురే అందదు.

ఒప్పో, వివో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లు వాడేవాళ్లకు ఇంకో సంగతి తెలియాలి. వీటిలో చాలా మోడళ్లకు సెట్టింగ్స్‌లో ఓటీజీ కనెక్షన్ అని విడిగా ఒక స్విచ్ ఉంటుంది. పది నిమిషాలు ఏ పరికరమూ వాడకపోతే అది తనంతట తానే ఆఫ్ అయిపోతుంది. పొద్దున బాగా పనిచేసిన స్కానర్ మధ్యాహ్నం షిఫ్టుకు చచ్చినట్టు పడి ఉంటే సూపర్‌వైజర్ స్కానర్ పోయిందంటాడు, పోయింది స్విచ్ మాత్రమే. హాజరుకే ఒక ఫోన్ కొంటుంటే ఈ స్విచ్ లేనిది చూసుకోవడం మేలు. ఐఫోన్ ఈ పనికి వద్దు, ఈ స్కానర్ల యాప్‌లు ఎక్కువగా ఆండ్రాయిడ్‌కే వస్తాయి.

తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక వరుస ఉంది. ముందు స్కానర్ తీసేసి అదే అడాప్టర్‌కు మామూలు వైర్డ్ మౌస్ తగిలించండి. తెర మీద బాణం గుర్తు కనిపిస్తే ఫోన్, అడాప్టర్, స్విచ్ మూడూ బాగున్నట్టే. కనిపించకపోతే స్కానర్‌ను తిట్టి లాభం లేదు. మౌస్ పనిచేసి స్కానర్ లైటు వెలగకపోతే కరెంటు చాలడం లేదు, లేదా స్కానర్ వైరు తెగింది. వైరు ఎక్కువగా తెగేది స్కానర్ దగ్గర వంగే చోట. లైటు వెలిగి యాప్ చూడకపోతే అనుమతి సంగతి చూడాలి. పరికరం తగిలించగానే ఆండ్రాయిడ్ ఒక పెట్టెలో ఈ యాప్‌కు యూఎస్‌బీ పరికరం వాడే అనుమతి ఇవ్వాలా అని అడుగుతుంది. హడావుడిలో క్యాన్సిల్ నొక్కేస్తారు. వైరు పీకి మళ్లీ పెట్టి, ఎప్పుడూ ఇదే యాప్ అన్న టిక్ పెట్టి ఓకే అంటే రోజూ అడగదు.

ఫోన్‌లో ఆర్‌డీ సర్వీస్ కూడా ఉంటే ఒక తగవు వస్తుంది. ఒకే స్కానర్‌ను రెండు యాప్‌లు ఒకేసారి పట్టుకోలేవు, ఎవరు ముందు పట్టుకుంటే రెండోవాళ్లకు అది లేనట్టే. ఆధార్ పని లేకపోతే ఆ సర్వీస్ తీసేయండి. ఆధార్ హాజరు వాడేవాళ్లకైతే సర్వీస్ చూపించే కోడ్‌లే చెబుతాయి. `720` అంటే స్కానర్ సిద్ధంగా లేదని, `710` అంటే ఇంకో యాప్ పట్టుకుని ఉందని, `700` అంటే గడువులో వేలు పడలేదని. ఆధార్ సర్వర్ నుంచి `300` వస్తే స్కానర్‌లో లోపం లేదు, ముద్ర ఆధార్‌లోనిదానితో కలవలేదు. అక్కడి నుంచే `330` వస్తే ఆ వ్యక్తి తన బయోమెట్రిక్స్ లాక్ చేసుకున్నారు, ఎన్నిసార్లు తుడిచి పెట్టినా అది మారదు.

ఒక లెక్క వేసి చూద్దాం

మియాపూర్ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయంలో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు అనుకోండి. 45 మంది, పొద్దున ఆరింటికి ఎక్కే షిఫ్టు, బేస్‌మెంట్‌లో ఒక బల్ల, సిగ్నల్ అంతంత మాత్రం. సూపర్‌వైజర్ దగ్గర టైప్-సీ ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. గొడవల్లా నెలాఖరున వస్తుంది, "నేను వచ్చిన, నువ్వు వేయలేదు" అని ఒకరు, రాని మనిషికి హాజరు పడిందని సొసైటీ వాళ్లు.

బేస్‌మెంట్‌లో నెట్ సరిగ్గా లేదు, పైగా ప్రైవేటు పని, కాబట్టి ఆధార్ దారి ముందే పోయింది. కార్డు పెడితే ఒక్కొక్కరికి రెండు సెకన్లు, 45 మందీ నిమిషంన్నరలో అయిపోతారు. వేలిముద్రకు చేయి తుడవడం, పెట్టడం, అప్పుడప్పుడు రెండోసారి పెట్టడం కలిపి మనిషికి ఎనిమిది సెకన్లు వేసుకుంటే 360 సెకన్లు, అంటే ఆరు నిమిషాలు. నాలుగున్నర నిమిషాల తేడా కోసం కార్డుకు వెళ్లనక్కర్లేదు. ఒకరి బదులు ఒకరు వేయడమే అసలు గొడవ కాబట్టి వేలిముద్రకే నా ఓటు. మనుషులు రెండు వందలు దాటితే ఆరు నిమిషాలు అరగంట అవుతుంది. అప్పుడు రెండో ఫోన్, రెండో స్కానర్ పెట్టాలి, లేదా కార్డు వైపు చూడాలి.

ఇక్కడ కొనాల్సిన స్కానర్ ఎల్1 కాదు, యాప్‌వాళ్లు "ఇది మా ఎస్‌డీకేలో ఉంది" అని పేరు, మోడల్ చెప్పి రాసిచ్చినది. 45 మందికి నాలుగేసి వేళ్లు, మొత్తం 180 టెంప్లేట్లు. ఈ సంఖ్యలో వెతికి పోల్చడం మామూలు ఫోన్‌కు బరువేమీ కాదు. నంబరు నొక్కకుండా నేరుగా వేలు పెడితే పేరు వచ్చేలా పెట్టుకోవచ్చు. వేలల్లో మనుషులుంటే మాత్రం ముందు నంబరు నొక్కించి ఆ ఒక్కరి ముద్రతోనే పోల్చడం మంచిది, తప్పు పేరు వచ్చే ప్రమాదం తగ్గుతుంది.

ఇలాంటి బృందంలో ముద్ర అసలే పడని వాళ్లు కొందరు తప్పకుండా తేలతారు, ముఖ్యంగా ఏళ్ల తరబడి యాసిడ్‌తో పనిచేసిన పెద్దావిడలు. "నా వేలే తప్పుదా బిడ్డా" అని వాళ్లు నొచ్చుకుంటారు. వాళ్లకు ఒక దారి ముందే చూపించాలి. ఉన్న ఒక్క పోర్టూ స్కానర్ తీసుకుంటుంది. హబ్ పెట్టి రెండో రీడర్ తగిలించవచ్చు కానీ కరెంటు పంచుకోవడంలో స్కానర్ తడబడుతుంది. అంతకంటే ఎన్ఎఫ్‌సీ ఉన్న ఫోన్ తీసుకుని, ఆ కొద్దిమందికి 13.56 మెగాహెర్ట్జ్ కార్డులిస్తే ఫోన్ వెనక ఆనించి వెళ్లిపోతారు. యాప్‌లో ఎన్ఎఫ్‌సీ హాజరు ఉండాలన్నది ఒక్కటే షరతు. కార్డు కొద్దిమందికే కనుక సూపర్‌వైజర్ ముఖం చూసి నిర్ధారించుకోవడం కష్టం కాదు. అందరికీ పెట్టొద్దు, లేకపోతే వారం తిరిగేసరికి అందరూ కార్డే అడుగుతారు.

ఛార్జింగ్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. మామూలు అడాప్టర్‌తో స్కానర్ తగిలి ఉన్నంతసేపు ఫోన్ ఛార్జ్ అవదు. ఆరు నిమిషాల పనికి అదేం అడ్డు కాదు, పని అయ్యాక స్కానర్ పీకేయడమే. రోజంతా గేటు దగ్గర పెట్టాల్సి వస్తేనే ఛార్జింగ్ పిన్ కూడా ఉన్న పవర్ డెలివరీ హబ్ కావాలి. అది మీ ఫోన్‌తోనే పనిచేస్తుందో లేదో షాపులో పెట్టి చూశాకే కొనాలి, ఎందుకంటే కొన్ని ఫోన్లు ఛార్జర్ తగలగానే ఓటీజీ వదిలేస్తాయి.

ముద్రల భద్రత గురించి కూడా ఒక మాట. కార్డు పోతే ఇంకోటి ఇవ్వొచ్చు, వేలు మార్చలేం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్టిలో ఇది మీ బాధ్యత. యాప్ ముద్ర బొమ్మను దాచకుండా టెంప్లేట్‌నే దాస్తోందా, మనిషి పని మానేశాక తుడిచేయడానికి వీలుందా అని అడగండి. సిబ్బందికి ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి సంతకం పెట్టించుకోండి.

ఇక కొనడానికి వెళ్లేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లొద్దు. రోజూ వాడబోయే ఫోన్, అందులో నమోదు చేసిపెట్టుకున్న యాప్, మీ అడాప్టర్, వీలైతే వేళ్లు బాగా అరిగిన మనిషినొకరిని వెంట తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గరే తగిలించి అతని వేలు నమోదు చేయించి, వైరు పీకి మళ్లీ పెట్టి, ఫోన్ రీస్టార్ట్ చేసి ఇంకోసారి చూడండి. పడితే కొనండి. ఆధార్ పనికి కొంటున్నవాళ్లు బిల్లు మీద స్కానర్ సీరియల్ నంబరు తప్పకుండా రాయించుకోవాలి, ఆర్‌డీ సర్వీస్ రిజిస్ట్రేషన్ ఆ నంబరు మీదే ఉంటుంది. ఎన్నాళ్లకు చెల్లుతుంది, రెన్యువల్‌కు ఎంత అని అక్కడే అడిగి అదే బిల్లు వెనక రాయించుకోండి.